పోస్ట్ రిక్వెస్ట్ దారి మళ్లినప్పుడు: 301, 302, 307, 308 కోడ్‌ల తేడా

వెబ్‌సైట్‌లో ఫారం నింపి బటన్ నొక్కగానే బ్రౌజర్ నుంచి సర్వర్‌కు ఒక రిక్వెస్ట్ వెళుతుంది. అందులో మొదటి మాట మెథడ్. ఏం చేయమంటున్నామో అదే చెబుతుంది. పేజీ చూపించమని అడిగేది గెట్, ఇచ్చిన వివరాలు తీసుకోమని అడిగేది పోస్ట్. మెథడ్ పక్కనే అడ్రస్ ఉంటుంది. ఆ తర్వాత హెడర్లు, వాటి కింద ఒక ఖాళీ వరస, దాని కింద ఫారంలో నింపిన వివరాలు. ఈ చివరి భాగాన్నే బాడీ అంటారు. గ్రంథాలయంలో 214వ నంబరు పుస్తకం తనకోసం పక్కన పెట్టమని ఒక పాఠకురాలు కోరితే ఆ రిక్వెస్ట్ దాదాపు ఇలా ఉంటుంది:

```
POST /reserve HTTP/1.1
Host: example.com
Content-Type: application/x-www-form-urlencoded
Content-Length: 21

name=lakshmi&book=214
```

పుస్తకం కావలసిన మనిషి పేరు, పుస్తకం నంబరు రెండూ ఆ చివరి వరసలోనే ఉన్నాయి. అడ్రస్‌లో లేవు. గెట్ రిక్వెస్ట్‌కు మామూలుగా బాడీ ఉండదు. కాబట్టి దారిలో ఎక్కడైనా ఈ పోస్ట్ గెట్‌గా మారిపోతే పోయేది మొదటి మాట ఒక్కటే కాదు, చివరి వరస కూడా. సర్వర్‌కు చేరేది వివరాలేమీ లేని ఒక పేజీ కోరిక మాత్రమే.

ఆ మార్పు జరిగే చోటు రీడైరెక్ట్. అడ్రస్ మారిందని చెప్పడానికి సర్వర్ 300ల వరసలో ఒక కోడ్‌తో జవాబిస్తుంది. వెళ్లవలసిన కొత్త అడ్రస్‌ను లొకేషన్ అనే హెడర్‌లో రాస్తుంది:

```
HTTP/1.1 301 Moved Permanently
Location: https://example.com/reserve
```

జవాబు అంతే. ఇల్లు మారినవాళ్ల ఉత్తరాన్ని పోస్టాఫీసు తానే కొత్త అడ్రస్‌కు పంపిస్తుంది కానీ, రీడైరెక్ట్ ఇచ్చిన సర్వర్ ఆ పని చేయదు. తనకు అందిన బాడీని ముందుకు పంపదు, చాలాసార్లు దాన్ని చదివి పక్కన పడేస్తుంది. కొత్త అడ్రస్‌కు మళ్లీ రిక్వెస్ట్ తయారుచేసుకోవలసింది బ్రౌజరే, లేదా ఆ రిక్వెస్ట్ పంపిన ప్రోగ్రాం. రెండోసారి పంపేటప్పుడు అది పోస్ట్‌గానే పంపాలా, గెట్‌గా మార్చాలా, బాడీని మళ్లీ జతచేయాలా, వదిలేయాలా? 301, 302, 307, 308 కోడ్‌ల మధ్య అసలు తేడా ఈ ప్రశ్నకు అవి ఇచ్చే జవాబులోనే ఉంది.

ఈ నాలుగింటిలో 301, 308 శాశ్వతమైన మార్పును చెబుతాయి. 302, 307 తాత్కాలికమైనదాన్ని. ఇది అందరికీ తెలిసిన విభజనే. దీనికి అడ్డంగా మరో విభజన ఉంది. 307, 308 వచ్చినప్పుడు మెథడ్ మార్చకూడదు, బాడీని ఉన్నదున్నట్టు మళ్లీ పంపాలి. 301, 302 వచ్చినప్పుడు మాత్రం పోస్ట్‌ను గెట్‌గా మార్చుకునే వెసులుబాటు ప్రమాణంలోనే ఉంది, బ్రౌజర్లన్నీ ఆ వెసులుబాటును వాడుకుంటాయి. పైన చూపిన 301 జవాబు అందుకున్న బ్రౌజర్ తర్వాత పంపేది ఇదీ:

```
GET /reserve HTTP/1.1
Host: example.com
```

లక్ష్మి పేరు, 214వ నంబరు రెండూ పోయాయి. బాడీ ఏ రకందో చెప్పే హెడర్, దాని పొడవు చెప్పే హెడర్ కూడా దాంతోపాటే పోయాయి. బాడీయే లేనప్పుడు వాటికి పనిలేదు కదా. అదే సర్వర్ 308తో జవాబిచ్చి ఉంటే కొత్త అడ్రస్‌కు మొదటి రిక్వెస్ట్‌లాంటిదే పోస్ట్‌గా వెళ్లేది, 21 అక్షరాల బాడీతో సహా.

ఒకే పనికి రెండేసి కోడ్‌లు ఎందుకు పుట్టాయన్నది వెబ్ చరిత్రలో తెలుసుకోదగ్గ ఘట్టం. అది తెలిస్తే ఈ తేడా బట్టీ పట్టకుండానే గుర్తుంటుంది. 1996 మేలో వెలువడిన హెచ్‌టీటీపీ 1.0 పత్రం, ఆర్‌ఎఫ్‌సీ 1945, 301, 302 రెండింటినీ వివరించింది. పోస్ట్‌కు జవాబుగా ఇవి వస్తే వాడుకరిని అడగకుండా బ్రౌజర్ తనంతట తాను ముందుకు వెళ్లకూడదని చెప్పింది. కొన్ని బ్రౌజర్లు పోస్ట్‌ను పొరపాటుగా గెట్‌గా మారుస్తున్నాయని కూడా అదే పత్రం నమోదు చేసింది. అంటే ప్రమాణం అచ్చయ్యేనాటికే వాడుక వేరే దారిలో నడుస్తోంది.

ఆ వాడుక వెనక ఒక న్యాయమైన అవసరం ఉంది. ఆ రోజుల్లో ఫారం అందుకునేవి సీజీఐ స్క్రిప్టులు. వివరాలు తీసుకుని పని పూర్తయ్యాక స్క్రిప్ట్ ఒక లొకేషన్ వరస రాసి ఊరుకునేది, సర్వర్ దాన్ని 302గా మార్చి పంపేది. స్క్రిప్ట్ రాసినవాళ్ల ఉద్దేశం ‘పని అయింది, ఇక ఈ పేజీ చూపించు’ అని. అదే ఫారం మరో చోట మళ్లీ సమర్పించమని కాదు. బ్రౌజర్ ప్రమాణాన్ని అక్షరాలా పాటించి ఉంటే ధన్యవాదాల పేజీ ముందు వాడుకరికి ఒక హెచ్చరిక కనిపించేది, ఆ పేజీకి మళ్లీ పోస్ట్ వెళ్లేది. బ్రౌజర్లు గెట్‌గా మార్చడంతో స్క్రిప్టులు అనుకున్నట్టు పనిచేశాయి. అలా పనిచేస్తున్న సైట్లు వేలకొద్దీ పుట్టాక వెనక్కి మళ్లడం ఏ బ్రౌజర్‌కూ సాధ్యం కాలేదు.

ప్రమాణాలు రాసేవాళ్లు వాడుకతో తగాదా పెట్టుకోకుండా కొత్త కోడ్‌లు చేర్చుకుంటూ వచ్చారు. 1997 జనవరిలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2068 లో 303 చేరింది. దానికి ఒకటే అర్థం: ఈ అడ్రస్‌ను గెట్‌తో తెచ్చుకో. అయినా 302 అర్థం అస్పష్టంగానే ఉండిపోయింది. పోస్ట్‌ను పోస్ట్‌గానే ఉంచమని నిక్కచ్చిగా చెప్పే కోడ్ లేదు. 1999 జూన్‌లో ఆర్‌ఎఫ్‌సీ 2616 దానికోసం 307ను తెచ్చింది. సర్వర్ ఏం కోరుతోందో తేల్చి చెప్పడానికే 303, 307 చేర్చామని ఆ పత్రమే రాసింది. తాత్కాలికమైన వాటికి ఇలా దారి దొరికింది కానీ, శాశ్వతమైన వాటి వైపు మెథడ్ కాపాడే కోడ్ లేకుండా మరో 15 ఏళ్లు గడిచాయి. 2014 జూన్‌లో ఆర్‌ఎఫ్‌సీ 7238 ప్రయోగాత్మకంగా 308ను ప్రతిపాదించింది. 2015 ఏప్రిల్‌లో ఆర్‌ఎఫ్‌సీ 7538 దాన్ని ప్రమాణాల బాటలోకి తెచ్చింది. ఇప్పుడు అమలులో ఉన్నది 2022 జూన్‌లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9110. చారిత్రక కారణాల వల్ల 301, 302 విషయంలో పోస్ట్‌ను గెట్‌గా మార్చుకోవచ్చని అది అంగీకరిస్తుంది, అలా మారకూడదనుకుంటే 308, 307 వాడమంటుంది.

‘మార్చుకోవచ్చు’ అన్న మాట ఇక్కడ బరువైనది. మార్చి తీరాలని ప్రమాణం అనలేదు. కాబట్టి 301 పంపే సర్వర్‌కు అవతలివైపు ఏం జరుగుతుందో హామీ లేదు. బ్రౌజర్ల మట్టుకు ఈ సందిగ్ధం తీరింది. వాటి కోసం ప్రత్యేకంగా రాసిన ఫెచ్ ప్రమాణం 301, 302లకు పోస్ట్‌ను గెట్‌గా మార్చాలని, బాడీని తీసేయాలని కచ్చితంగా చెబుతుంది. బ్రౌజర్లు కాని ప్రోగ్రాములు మాత్రం ఎవరి పద్ధతి వాళ్లు పెట్టుకున్నాయి.

నష్టం ఎలా జరుగుతుందో చూడాలంటే ఆ గ్రంథాలయం ఉదాహరణనే కొంచెం ముందుకు నడిపించాలి. ఒక శాఖ కౌంటర్‌లోని కంప్యూటర్‌లో చిన్న పైథాన్ ప్రోగ్రాం ఉందనుకుందాం. పాఠకులు కోరిన పుస్తకాల వివరాలను అది ప్రధాన సర్వర్‌కు పోస్ట్ చేస్తుంది. ప్రోగ్రాం రాసిన రోజుల్లో సైట్ అడ్రస్ http తో మొదలయ్యేది, అదే అందులో ఉండిపోయింది. కొన్నాళ్లకు సైట్‌ను https కు మార్చారు. పాత అడ్రస్‌కు వచ్చినవాళ్లను కొత్తదానికి మళ్లించడానికి ఎన్‌జిన్‌ఎక్స్ సెట్టింగుల్లో అందరూ రాసే వరసే రాశారు:

```
server {
    listen 80;
    server_name example.com;
    return 301 https://$host$request_uri;
}
```

మార్పు చేసినవాళ్లు బ్రౌజర్‌లో సైట్ తెరిచి చూశారు. పాత అడ్రస్ కొడితే కొత్త పేజీ వచ్చింది. పేజీలు తెరవడం గెట్ కాబట్టి 301తో ఏ లోటూ లేదు. కౌంటర్‌లోని ప్రోగ్రాం మాత్రం పాత అడ్రస్‌కు పోస్ట్ పంపుతోంది. జవాబుగా 301 రాగానే పైథాన్‌లోని రిక్వెస్ట్స్ లైబ్రరీ దాన్ని గెట్‌గా మార్చి, బాడీ తీసేసి కొత్త అడ్రస్‌కు వెళుతోంది.

అక్కడ రెండు రకాలుగా జరగవచ్చు. ఆ అడ్రస్ పోస్ట్ మాత్రమే తీసుకునేదైతే సర్వర్ 405 అని జవాబిస్తుంది, అంటే ఈ మెథడ్ ఇక్కడ కుదరదని. ప్రోగ్రాం లోపం చూపిస్తుంది, ఎవరో ఒకరు పట్టించుకుంటారు. ఇది మంచి రకం వైఫల్యం. చాలా సైట్లలో మాత్రం ఫారం చూపించేదీ, నింపిన ఫారం తీసుకునేదీ ఒకే అడ్రస్. గెట్‌తో వస్తే ఖాళీ ఫారం చూపిస్తుంది, పోస్ట్‌తో వస్తే వివరాలు తీసుకుంటుంది. అలాంటి చోట గెట్‌కు జవాబుగా 200 వస్తుంది. ప్రోగ్రాం 200 చూసి పని అయిందనుకుంటుంది, తెరమీద పుస్తకం కేటాయించామని చూపిస్తుంది. నిజానికి దానికి అందింది ఖాళీ ఫారం పేజీ. వారం తర్వాత పాఠకురాలు వచ్చి పుస్తకం ఏదని అడిగేదాకా ఎవరికీ తెలియదు.

సర్వర్ లాగ్‌లో దీని ఆనవాలు స్పష్టంగా ఉంటుంది. ఒకే చోటి నుంచి, ఒకే క్షణంలో, ఒకే అడ్రస్‌కు రెండు వరసలు కనిపిస్తాయి:

```
"POST /reserve HTTP/1.1" 301
"GET /reserve HTTP/1.1" 200
```

పోస్ట్ పక్కన 301, వెంటనే గెట్. ఈ జంట కనిపించిందంటే బాడీ మధ్యలో పోయినట్టే. ప్రోగ్రాం వైపు నుంచి చూడాలంటే రెండు వరసలు చాలు:

```
r = requests.post(url, data=form)
print(r.status_code, r.request.method, r.history)
```

దీనికి `200 GET [<Response [301]>]` అని వస్తే కథంతా బయటపడినట్టే. పంపింది పోస్ట్, చివరికి వెళ్లింది గెట్, మధ్యలో 301. బ్రౌజర్‌లో అయితే డెవలపర్ టూల్స్‌లోని నెట్‌వర్క్ పేజీలో చూడవచ్చు. పేజీ మారినా పాత వరసలు చెరిగిపోకుండా ఉంచే ఆప్షన్ ఆన్ చేసుకోవాలి, లేకపోతే మొదటి పోస్ట్ కంటికి కనిపించకుండానే పోతుంది.

కర్ల్ అనే కమాండ్‌తో పరీక్షించేవాళ్లు ఒక చోట జాగ్రత్తగా ఉండాలి. సరైన పద్ధతి ఇది:

```
curl -v -L -d "name=lakshmi&book=214" http://example.com/reserve
```

రీడైరెక్ట్‌ను అనుసరించమని చెప్పేది `-L`, బాడీ ఇచ్చేది `-d`. బాడీ ఇచ్చాం కాబట్టి కర్ల్ దానంతట అదే పోస్ట్ పంపుతుంది. 301 ఎదురైతే బ్రౌజర్‌లాగే గెట్‌కు మారుతుంది, మారానని తెరమీద చెబుతుంది కూడా. దీనికి చాలామంది అలవాటుగా `-X POST` తగిలిస్తారు. అప్పుడు రెండో రిక్వెస్ట్‌కు కూడా పోస్ట్ అన్న పేరు బలవంతంగా అంటుకుంటుంది, కానీ బాడీ వెళ్లదు. లాగ్‌లో రెండు పోస్టులు కనబడతాయి, రెండోది ఖాళీ. మెథడ్ నిలబడితే బాడీ కూడా నిలబడినట్టే అని అనుకోకూడదనడానికి ఇదే నిదర్శనం. కర్ల్‌ను 301 తర్వాత నిజంగా పోస్ట్‌గానే ఉంచాలంటే `--post301` అని, 302కైతే `--post302` అని అడగాలి.

గ్రంథాలయం సమస్యకు మందు సెట్టింగుల్లో ఒక్క అంకె. `return 301` అన్నచోట `return 308` అని రాస్తే అదే ప్రోగ్రాం, ఏమీ మార్చకుండా, పోస్ట్‌ను బాడీతో సహా కొత్త అడ్రస్‌కు చేరుస్తుంది. ఎన్‌జిన్‌ఎక్స్ 1.13.0 నుంచి 308ను రీడైరెక్ట్‌గా గుర్తిస్తోంది. మార్పు తాత్కాలికమైతే, అంటే మరమ్మతు కోసం రెండు రోజులు వేరే సర్వర్‌కు మళ్లించడం లాంటిదైతే, 307 సరిపోతుంది. పేజీలు చూసేవాళ్లకు ఈ మార్పు వల్ల తేడా ఏమీ కనిపించదు. గెట్‌కు 301 అయినా 308 అయినా గెట్‌గానే ఉంటుంది.

అయినా 308 పెట్టి చేతులు దులుపుకోవడం సరికాదు. రీడైరెక్ట్ జవాబు వచ్చేసరికే మొదటి రిక్వెస్ట్ దారిలో వెళ్లిపోయి ఉంటుంది. అది http అడ్రస్‌కు వెళ్లింది కాబట్టి బాడీ రహస్య లిపిలోకి మారకుండా, మధ్యలో ఎవరైనా చదవగలిగేలా వెళ్లింది. ఆ తర్వాత https కు మళ్లించినా మొదటిసారి బయటపడింది వెనక్కి రాదు. అందులో పాస్‌వర్డ్ ఉంటే అది బయటపడ్డట్టే లెక్క. అదీకాక బాడీ రెండుసార్లు ప్రయాణిస్తుంది. 21 అక్షరాలకు ఇది లెక్కలోకి రాదు. 40 మెగాబైట్ల వీడియో అయితే చాలా సందర్భాల్లో మొత్తం ఒకసారి పాత అడ్రస్‌కు, మళ్లీ ఒకసారి కొత్త అడ్రస్‌కు వెళుతుంది. ప్రోగ్రాంలో అడ్రస్ సరిదిద్దడమే అసలు మరమ్మతు. అది సరిదిద్దేలోగా ఏదీ పోకుండా కాపాడేది 308.

https విషయంలో మరో వింత ఉంది. ఒక సైట్‌కు ఎప్పుడూ https తోనే రావాలని సర్వర్ ముందే చెప్పి ఉంటే బ్రౌజర్ ఆ మాట గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత ఎవరైనా http అడ్రస్ తెరిస్తే సర్వర్‌ను అడగకుండా తానే మార్చేస్తుంది. క్రోమ్ నెట్‌వర్క్ పేజీలో ఇది `307 Internal Redirect` అని కనిపిస్తుంది. సర్వర్‌లో 301 అని రాసినవాళ్లు ఇది చూసి కంగారు పడుతుంటారు. ఆ 307 సర్వర్ నుంచి వచ్చింది కాదు, బ్రౌజర్ తనలో తాను రాసుకున్నది. పోస్ట్ చెడకుండా ఉండాలి కనుక దానికి 307 అన్న పేరే తగినది.

అడ్రస్ చివర గీత ఉన్నదీ లేనిదీ కూడా ఇలాంటి చిక్కే తెస్తుంది. `/reserve` అని పంపవలసిన చోట `/reserve/` అనో, దానికి తిరగేసో రాయడం మామూలు. సైట్లు తయారుచేసే ఉపకరణాలు దీన్ని రీడైరెక్ట్‌తో సరిచేస్తాయి, కానీ ఒక్కొక్కటీ ఒక్కో తీరుగా. ఫ్లాస్క్ అడుగున ఉండే వెర్క్‌జోయిగ్ 308 వాడుతుంది, ఫాస్ట్‌ఏపీఐ అడుగున ఉండే స్టార్లెట్ 307 వాడుతుంది. రెండింటిలోనూ పోస్ట్ క్షేమం. జాంగో 301తో మళ్లిస్తుంది. అయితే డీబగ్ దశలో పోస్ట్‌కు ఇలా జరిగితే మళ్లించడం మానేసి, పోస్ట్ వివరాలు నిలుపుతూ మళ్లించడం తనవల్ల కాదని లోపం చూపించి ఆగిపోతుంది. నిశ్శబ్దంగా పోగొట్టడం కంటే ఇది ఎంతో మేలైన ప్రవర్తన.

ఇంతవరకు చదివితే 307, 308 ఎప్పుడూ మంచివనీ, 301, 302 ఎప్పుడూ చెడ్డవనీ అనిపించవచ్చు. అది నిజం కాదు. పోస్ట్ గెట్‌గా మారడమే కావలసిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఫారం తీసుకుని పని పూర్తిచేశాక సర్వర్ నేరుగా పేజీ పంపితే, వాడుకరి రిఫ్రెష్ నొక్కినప్పుడు బ్రౌజర్ అదే ఫారాన్ని మళ్లీ పంపాలా అని అడుగుతుంది. సరే అంటే పుస్తకం రెండుసార్లు కేటాయింపవుతుంది, డబ్బు చెల్లింపైతే రెండుసార్లు కోత పడవచ్చు. దీన్ని తప్పించడానికే పని అయ్యాక మరో పేజీకి మళ్లిస్తారు. అక్కడికి బ్రౌజర్ గెట్‌తో వెళుతుంది. ఆ పేజీని ఎన్నిసార్లు రిఫ్రెష్ చేసినా ఫారం మళ్లీ వెళ్లదు. ఈ పనికి అచ్చంగా తగినది 303. ఆచరణలో 302 వాడేవాళ్లే ఎక్కువ, బ్రౌజర్లలో అదీ పనిచేస్తుంది. ఇక్కడ 307 వాడితే మాత్రం ఫారం మొత్తం ధన్యవాదాల పేజీ అడ్రస్‌కు మళ్లీ పోస్ట్ అవుతుంది.

ఆ పొరపాటు ఎంత దూరం పోగలదో 2016లో బయటపడింది. ఒక సైట్‌లోకి మరో సంస్థ ఖాతాతో లాగిన్ అయ్యేందుకు వాడే ఓఆథ్ పద్ధతిని జర్మనీలోని ట్రియర్ విశ్వవిద్యాలయానికి చెందిన డేనియల్ ఫెట్, రాల్ఫ్ క్యూస్టర్స్, గైడో ష్మిట్జ్ గణిత పద్ధతుల్లో పరిశీలించారు. ఆ పద్ధతిలో వాడుకరి తన పాస్‌వర్డ్‌ను ఖాతా ఉన్న సంస్థ పేజీలో టైప్ చేస్తారు. అది పోస్ట్‌గా ఆ సంస్థకే వెళుతుంది. సంస్థ దాన్ని సరిచూసి, వాడుకరిని మొదటి సైట్‌కు మళ్లిస్తుంది. ఆ సైట్‌కు పాస్‌వర్డ్ తెలియకూడదు, ఈ ఏర్పాటంతా అందుకోసమే. మళ్లింపు 307తో జరిగితే? బ్రౌజర్ విధేయంగా మెథడ్‌నూ బాడీనీ నిలిపి, యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఉన్న అదే ఫారాన్ని అవతలి సైట్‌కు పోస్ట్ చేస్తుంది. ఆ సైట్ దురుద్దేశంతో నడిచేదైతే పాస్‌వర్డ్ దాని చేతికి చిక్కినట్టే. ఓఆథ్ భద్రత మీద 2025 జనవరిలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9700 అందుకే పాస్‌వర్డ్ లాంటివి మోసుకొచ్చే రిక్వెస్ట్‌ను మళ్లించేటప్పుడు 307 వాడకూడదని చెప్పి, 303 వాడమంది. వివరాలను నిలిపే గుణం 308కీ ఉంది కనుక ఆ ప్రమాదం దానికీ ఉంటుంది.

కాబట్టి కోడ్ ఎంచుకునే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఇది: రిక్వెస్ట్ కోరిన పని ఇంకా జరగాల్సి ఉందా, జరిగిపోయిందా? జరగాల్సి ఉండి, అది వేరే అడ్రస్‌లో జరుగుతుందంటే బాడీ అక్కడికి చేరాలి, అందుకు 307 లేదా 308. పని అయిపోయి చూపించడమే మిగిలితే బాడీ అక్కడితో ఆగాలి, అందుకు 303. పోస్ట్ వచ్చే అవకాశమున్న అడ్రస్‌కు కొత్తగా 301 గానీ 302 గానీ రాయడానికి గట్టి కారణం కనిపించదు. అవి గెట్ మాత్రమే వచ్చే చోట నిక్షేపంగా పనికొస్తాయి.

పోస్ట్ కాక పుట్, డిలీట్ లాంటి మెథడ్‌లు వాడే ప్రోగ్రాములకు 301, 302 మరింత చిక్కు. బ్రౌజర్లు 301, 302లకు పోస్ట్‌ను మాత్రమే మారుస్తాయి, పుట్‌ను పుట్‌గానే ఉంచుతాయి. పైథాన్‌లోని రిక్వెస్ట్స్ 301కు పుట్‌ను ముట్టుకోదు, 302కు మాత్రం గెట్‌గా మారుస్తుంది. గో భాషలోని లైబ్రరీ రెండింటికీ పుట్‌ను గెట్ చేస్తుంది. ఒకే సర్వర్, ఒకే జవాబు, మూడు రకాల ఫలితాలు. 307, 308 విషయంలో ఈ మూడూ ఒకే మాట మీద ఉంటాయి.

వాటికీ ఒక హద్దు ఉంది. బాడీని మళ్లీ పంపాలంటే అది పంపినవాళ్ల దగ్గర ఇంకా ఉండాలి. ఫారం వివరాలు, డిస్క్‌లోని ఫైల్ అయితే మళ్లీ చదివి పంపవచ్చు. వేరే చోటి నుంచి ధారగా వస్తుండగానే పంపేస్తున్న డేటాకు రెండో ప్రతి ఉండదు. అలాంటప్పుడు బ్రౌజర్‌లోని ఫెచ్ రీడైరెక్ట్‌ను అనుసరించకుండా నెట్‌వర్క్ లోపమని ఆగిపోతుంది. గో లైబ్రరీ 307 జవాబునే యథాతథంగా ప్రోగ్రాం చేతికిచ్చి ఊరుకుంటుంది. రెండూ బాడీ లేకుండా పోస్ట్ పంపే తప్పు మాత్రం చేయవు.

శాశ్వతం, తాత్కాలికం అన్న తేడా బాడీ కంటే కాషెకు ఎక్కువ సంబంధించినది. ప్రత్యేకంగా వద్దని చెప్పకపోతే 301, 308 జవాబులను బ్రౌజర్ దాచుకోవచ్చు. 302, 307 జవాబులను చెప్తేనే దాచుకుంటుంది. పోస్ట్‌కు వచ్చిన జవాబును బ్రౌజర్లు సాధారణంగా దాచుకోవు కనుక ప్రతి పోస్ట్ మళ్లీ పాత అడ్రస్‌ను తాకుతుంది. అదే అడ్రస్‌ను గెట్‌తో తెరిచినవాళ్ల దగ్గర మాత్రం శాశ్వత మళ్లింపు ఉండిపోతుంది. తప్పు అడ్రస్‌తో 308 ఇచ్చి తర్వాత సరిదిద్దినా, దాచుకున్న బ్రౌజర్ పాత చోటికే వెళుతూ ఉంటుంది. అందుకే అనుభవమున్నవాళ్లు మొదట 307తో పెట్టి, లాగ్‌లో పోస్ట్ పక్కన 307, దాని వెనక మళ్లీ పోస్ట్ వస్తున్నాయని చూసుకున్నాకే 308కు మారుస్తారు.

308 ఆలస్యంగా పుట్టడం వల్ల మిగిలిన ఇబ్బంది పాత బ్రౌజర్లది. విండోస్ 7 మీది ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11కు 308 తెలియదు. తెలియని కోడ్ వస్తే దాన్ని ఆ వరసలోని మొదటి కోడ్‌గా, అంటే 300గా భావించాలన్నది హెచ్‌టీటీపీ నియమం. అలాంటి బ్రౌజర్ కొత్త అడ్రస్‌కు వెళ్లకుండా, జవాబుతో వచ్చిన పేజీ ఏదైతే దాన్నే చూపిస్తుంది. అలాంటి యంత్రాలు ఇంకా వాడుకలో ఉన్న చోట 308 జవాబు పేజీలో కొత్త అడ్రస్ లింకు పెట్టడం మంచిది. దాన్ని నొక్కితే వెళ్లేది గెట్ కాబట్టి ఫారం మళ్లీ నింపవలసి వస్తుంది. 308 ప్రమాణం కాకముందే గూగుల్ తన పెద్ద ఫైళ్ల అప్‌లోడ్‌లలో ఆ అంకెను వేరే అర్థంలో, ‘ఇంకా పూర్తికాలేదు, కొనసాగించు’ అని చెప్పడానికి వాడింది. అలాంటి జవాబులో లొకేషన్ హెడర్ ఉండదు. అప్‌లోడ్ ప్రోగ్రాం లాగ్‌లో 308 కనిపించినప్పుడు ముందు ఆ హెడర్ ఉందో లేదో చూస్తే, అది రీడైరెక్టో కాదో తెలిసిపోతుంది.